బుధవారం రాత్రి గంటలు ఎవరి లెక్కలోకి?

ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో వారాంతపు హాజరు షీట్ చూసేవారికి రాత్రి షిఫ్టు దగ్గరే ఎక్కువ చిక్కు వస్తుంది. బుధవారం రాత్రి 8కి చేరిన కార్మికుడు గురువారం ఉదయం 7.30కి బయటపడ్డాడనుకుందాం. మధ్యలో అరగంట చొప్పున రెండు విరామాలు పోను పని 10.5 గంటలు. షీట్‌ను అర్ధరాత్రి దగ్గర విడదీస్తే బుధవారం 4, గురువారం 6.5 గంటలుగా పడతాయి, ఎక్కడా తప్పు కనపడదు. కానీ 2025 నవంబర్ వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం అర్ధరాత్రి దాటిన గంటలను కూడా షిఫ్టు మొదలైన రోజుకే కలపమంది. అందుకే షీట్‌లో తేదీ అంటే షిఫ్టు ఎక్కిన తేదీ. B2లో రాక, C2లో పోక, D2లో విరామ గంటలు ఉంటే ఈ సూత్రం సరిపోతుంది:

```
=MOD(C2-B2,1)*24-D2
```

ఆ చట్టంలో రోజుకు 9, వారానికి 48 గంటలు దాటితే ఓటీ, దానికి రెట్టింపు వేతనం ఉండేవి. ఓటీ కలుపుకొని కూడా రోజుకు 10, వారానికి 60 గంటలు మించకూడదని ఉండేది. మొదటి హద్దు దాటితే డబ్బు చెల్లించాల్సి వచ్చేది. రెండోది దాటితే ఉల్లంఘన, డబ్బు ఇచ్చినా అది సమసిపోయేది కాదు. షీట్‌లో ఈ రెంటికీ వేర్వేరు గుర్తులు ఉండాల్సిందే.

ఇప్పుడు ఆ చట్టం హద్దులతోనే వారమంతా చూద్దాం. సోమవారం 9, మంగళవారం 8, బుధవారం 10.5, గురువారం 8, శుక్రవారం 9, శనివారం 8. మొత్తం 52.5. బుధవారం 1.5 గంటలు రోజు హద్దు దాటాయి, వారం మీద 4.5 ఎక్కువ. రెండూ కలిపి 6 అని రాస్తే ఒకే గంటన్నరను రెండుసార్లు లెక్కించినట్టు. బుధవారానికి 1.5 పోతే మిగిలే 3 గంటలు, మొత్తం 48 దాటిన శనివారానికి చెందుతాయి. మామూలుగా 8 గంటలే చేసిన శనివారానికి కూడా గుర్తు పడటం చూసి చాలామంది షీట్ తప్పనుకుంటారు. తప్పు కాదు, రోజురోజుకూ మొత్తం కూడుతూ వస్తే ఆ మలుపు కనపడుతుంది.

సోమ, శుక్రవారాలకు గుర్తు ఉండదు. సరిగ్గా 9 అంటే దాటినట్టు కాదు, అక్కడ పోలిక 'కంటే ఎక్కువ' అనే ఉండాలి.

హద్దులను సూత్రంలో ఇమిడ్చేయకుండా విడి గడుల్లో పెట్టడం మంచిది. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ రోజు పనిని 8 గంటలుగా నిర్ణయించింది, ఇలాంటి మార్పు వచ్చినప్పుడు గడిలో అంకె మారిస్తే చాలు.

సూపర్‌వైజర్‌కు తిరిగి వెళ్లేవి రెండే వరుసలు. బుధవారం: 10.5 గంటలు, ఓటీ 1.5, గరిష్ఠ పరిమితి 10 దాటింది. శనివారం: 8 గంటలు, వారం 48 దాటినందుకు ఓటీ 3. ఇక్కడే 10.5ను 10కి దిద్దమనే ఒత్తిడి వస్తుంది. ఆ అరగంట చెరిపితే ఉల్లంఘనతో పాటు కార్మికుడికి రావాల్సిన రెట్టింపు కూలీ కూడా పోతుంది. పంచింగ్ అంకెను అలాగే ఉంచి, ఎందుకు ఆపారో కారణం పక్క గడిలో రాయించుకోవాలి.