దువ్వెనలో చిక్కిన లెక్క

తలస్నానం చేసిన రోజు దువ్వెనకు చుట్టుకున్న వెంట్రుకల ఉండ చూసి గుండె గుభేలుమనని వాళ్లు అరుదు. ఆ ఉండ వెనక చిన్న లెక్క ఉంది.

తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతిదీ తన కుదురులో 2 నుంచి 6 ఏళ్లపాటు, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో కుదురు కుంచించుకుపోయి వెంట్రుకకు పోషణ ఆగిపోతుంది. ఇది మార్పు దశ. ఆపైన సుమారు మూడు నెలల విశ్రాంతి. అప్పుడు వెంట్రుక పెరగదు, ఊరికే అంటిపెట్టుకుని ఉంటుంది. ఎప్పుడు చూసినా పదింట ఒక వంతు, అంటే పదివేల దాకా, ఈ విశ్రాంతిలోనే ఉంటాయి. పదివేలను వంద రోజులకు పంచితే రోజుకు వంద! వైద్యులు మామూలేనని చెప్పే 50-100 వెంట్రుకల లెక్క దీనికి సరిపోతుంది.

ఊడిన వెంట్రుక చివర తెల్లని బొడిపె కనిపిస్తే వేరే ఊడిందని కంగారు పడతారు. కాదు, అది విశ్రాంతి ముగిసిన గుర్తు. కుదురు చర్మంలోనే ఉండి కొత్తదాన్ని మొలిపిస్తుంది.

కాన్పు తర్వాతో, టైఫాయిడ్ లాంటి జ్వరం తర్వాతో ఈ లెక్క తప్పుతుంది. చాలా కుదుళ్లు ఒక్కసారే విశ్రాంతిలోకి జారుకుంటాయి. రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లకొద్దీ రాలుతుంది. పాపం, నింద అప్పుడు వాడుతున్న షాంపూ మీద పడుతుంది. సాధారణంగా ఆరు నెలల్లో సర్దుకుంటుంది. అప్పటికీ ఆగకపోయినా, తలమీద నున్నటి మచ్చలు పడినా చర్మవైద్యుణ్ని కలవండి.