టెస్టర్ రెజ్యూమెలో అంకెలు ఏం చెబుతాయి?

సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగానికి వచ్చే రెజ్యూమెలు పైపైన చూస్తే అచ్చు గుద్దినట్టు ఒకేలా కనిపిస్తాయి. సెలీనియం, జావా, టెస్ట్‌ఎన్‌జీ, జెంకిన్స్, జిరా, ఎజైల్ అంటూ ప్రకటనలో ఉన్న మాటలన్నీ రెజ్యూమెలోనూ ఉంటాయి. దీనికి కారణం ఉంది. చాలా కంపెనీల్లో దరఖాస్తులను ముందు సాఫ్ట్‌వేర్ వడపోస్తుంది. ప్రకటనలోని మాటలు లేకపోతే రెజ్యూమె మనిషి చేతిదాకా రాదేమోనన్న భయంతో అభ్యర్థులు వాటిని చేరుస్తారు. హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాల చుట్టూ చేతులు మారే నమూనా రెజ్యూమెల వల్ల ప్రాజెక్టు వివరణలు కూడా ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అందుకే మాటలు కలిశాయా లేదా అని చూస్తే తెలిసేది చాలా తక్కువ. రెజ్యూమెలో చెప్పిన అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా, ఆ అంకెల వెనకున్న పని తీరు ఈ ఉద్యోగంలోని పని తీరుకు దగ్గరగా ఉందా అన్నది చూస్తే చాలా తెలుస్తుంది.

చదవడం ప్రకటనతో మొదలవ్వాలి. ఉదాహరణకు హైదరాబాద్‌లో ఒక రుణాల కంపెనీ ఇలా అడిగిందనుకుందాం: నాలుగు నుంచి ఆరేళ్ల అనుభవం, వెబ్ పోర్టల్‌కు సెలీనియం-జావా ఆటోమేషన్, రెస్ట్ అష్యూర్డ్‌తో ఏపీఐ టెస్టింగ్, జిరాలో డిఫెక్ట్ ట్రాకింగ్, రెండు వారాలకో రిలీజ్, రిలీజ్‌కు ముందు గో/నో-గో సమావేశంలో టెస్టింగ్ తరఫున మాట్లాడగలగడం. ఈ జాబితాలో చాలామంది పట్టించుకోని మాట ‘రెండు వారాలకో రిలీజ్’. మిగతా అన్నింటి బరువునూ నిర్ణయించేది అదే. రెండు వారాలంటే పది పనిరోజులు. డెవలపర్లు ఏడో రోజుకో ఎనిమిదో రోజుకో కోడ్ ముగిస్తే టెస్టింగ్‌కు మిగిలేది రెండు మూడు రోజులు. పాత సదుపాయాలేవీ చెడిపోలేదని తేల్చే రిగ్రెషన్ కూడా అందులోనే అయిపోవాలి. కాబట్టి ఆ ఉద్యోగానికి కావలసిన ఆటోమేషన్ రోజూ రాత్రి దానంతటదే నడిచి, తెల్లారేసరికి నమ్మదగిన ఫలితం ఇచ్చేది.

ఇప్పుడు ఐదేళ్ల అనుభవం ఉన్న ఒక అభ్యర్థి రెజ్యూమె తీసుకుందాం. ముఖ్యమైన వాక్యాలు మూడు. మాన్యువల్, ఆటోమేషన్ టెస్టింగ్ రెండూ చేస్తూ 18 నెలల్లో 450 టెస్ట్ కేసులు ఆటోమేట్ చేసి, ఐదు రోజుల రిగ్రెషన్‌ను నాలుగు గంటలకు తగ్గించినట్టు ఒకటి. ఐదేళ్లలో జిరాలో 600 డిఫెక్టులు నమోదు చేసి, డిఫెక్ట్ లీకేజీని రెండు శాతం లోపు ఉంచినట్టు ఇంకొకటి. 20 రిలీజ్‌లకు పనిచేసినట్టు మూడోది. సాంకేతిక నైపుణ్యాల జాబితాలో పోస్ట్‌మ్యాన్ ఉంది, రెస్ట్ అష్యూర్డ్ లేదు.

మొదటి వాక్యంలో 18 నెలలంటే సుమారు 360 పనిరోజులు. 450 కేసులంటే రోజుకు ఒకటింపావు. ఆటోమేషన్ మాత్రమే చేసే వ్యక్తికి ఇది సాధ్యమే. కానీ ఈ అభ్యర్థి మాన్యువల్ టెస్టింగ్ కూడా చేశారు, పైగా స్క్రీన్లు మారిన ప్రతిసారీ పాత స్క్రిప్టులను సరిచేసే పని ఎలాగూ ఉంటుంది. కాబట్టి ఇది ఇద్దరు ముగ్గురి జట్టు చేసిన పని అయ్యుండవచ్చు, లేదా ఒకే స్క్రిప్టును వేర్వేరు డేటా వరుసలతో నడిపి ప్రతి వరుసనూ ఒక కేసుగా లెక్కించి ఉండవచ్చు. రెండూ తప్పు కాదు. అయితే ఫ్రేమ్‌వర్క్‌ను తానే కట్టిన వ్యక్తికీ, మరొకరు కట్టిన ఫ్రేమ్‌వర్క్‌లో స్క్రిప్టులు రాసిన వ్యక్తికీ పనిలో చాలా తేడా ఉంటుంది. ఈ వాక్యంలో ఆ తేడా కనబడదు. పేజ్ ఆబ్జెక్ట్ పద్ధతిలో స్క్రీన్ల వివరాలను వేరే తరగతుల్లో పెట్టడం, జెంకిన్స్‌లో జాబ్ ఏర్పాటు చేయడం, రిపోర్టు ఎలా వస్తుందో నిర్ణయించడం వంటి వాటిలో ఏది తాను చేశారో చెబితే అర్థమవుతుంది.

నాలుగు గంటల మాటను కూడా లెక్కతో పరీక్షించవచ్చు. బ్రౌజర్‌లో నడిచే ఒక్కో టెస్టుకు సగటున రెండు నిమిషాలు పడుతుందనుకుంటే 450 టెస్టులకు 900 నిమిషాలు, అంటే 15 గంటలు. నాలుగు గంటల్లో ముగిసిందంటే కనీసం నాలుగు బ్రౌజర్లు పక్కపక్కనే నడిచి ఉండాలి. సెలీనియం గ్రిడ్ అనో సమాంతర రన్ అనో రెజ్యూమెలో ఎక్కడైనా ఉంటే అంకె పొసిగినట్టే. లేకపోతే అది అబద్ధమని తేల్చేయకూడదు, అడగాల్సిన మొదటి ప్రశ్న దొరికిందనుకోవాలి.

గిట్‌హబ్ లింకు ఇచ్చి ఉంటే ఐదు నిమిషాలు వెచ్చించడం మంచిది. పేజీ తెరుచుకునేదాకా స్క్రిప్టు ఎలా ఎదురుచూస్తుందో గమనిస్తే రచయిత అనుభవం బయటపడుతుంది. కొత్తవాళ్లు తరచుగా ఇలా రాస్తారు:

```java
Thread.sleep(5000);
```

పేజీ ఒక్క సెకనులో వచ్చినా స్క్రిప్టు ఐదు సెకన్లూ ఆగుతుంది. ఆరు సెకన్లు పడితే టెస్టు విఫలమవుతుంది. అనుభవం ఉన్నవారు బటన్ నొక్కడానికి సిద్ధమయ్యేదాకా మాత్రమే ఆగమంటారు:

```java
new WebDriverWait(driver, Duration.ofSeconds(10))
  .until(ExpectedConditions
    .elementToBeClickable(By.id("submit")));
```

ఇక్కడ `Duration` వాడటం 2021 అక్టోబరులో విడుదలైన సెలీనియం 4 పద్ధతి. అంతకుముందు సెకన్ల సంఖ్యను నేరుగా ఇచ్చేవారు. కోడ్ ఏ కాలానిదో కూడా దీన్ని బట్టి తెలుస్తుంది.

డిఫెక్టుల వాక్యంలో పెద్ద అంకె 600. ఐదేళ్లకు 600 అంటే నెలకు పది. ఇది మామూలు సంఖ్య, దాని నుంచి పెద్దగా తేలేదేమీ లేదు. చెడ్డ కోడ్ మీద పనిచేసిన సాధారణ టెస్టర్‌కు డిఫెక్టులు ఎక్కువ దొరుకుతాయి, మంచి కోడ్ మీద పనిచేసిన గట్టి టెస్టర్‌కు తక్కువ దొరుకుతాయి. పరిశీలించాల్సింది రెండు శాతం లీకేజీ. టెస్టింగ్‌ను దాటుకుని వినియోగదారుల దాకా వెళ్లిన డిఫెక్టులు మొత్తం డిఫెక్టుల్లో ఎంత శాతమో చెప్పేది లీకేజీ. టెస్టింగ్‌లో 190, ప్రొడక్షన్‌లో 10 దొరికితే అది ఐదు శాతం. అభ్యర్థి లెక్కను ఆయన చెప్పిన 600కే వర్తింపజేస్తే ఐదేళ్లలో ప్రొడక్షన్‌కు వెళ్లినవి సుమారు 12. ఇరవై రిలీజ్‌లకు పన్నెండంటే ఒక్కో రిలీజ్‌కు ఒకటి కూడా లేదు. అయితే 600 ఒక వ్యక్తి నమోదు చేసినవి, లీకేజీ జట్టంతటికీ కట్టే లెక్క. ఆ రెంటినీ ఒకే వాక్యంలో పెట్టడం వల్ల స్పష్టత పోయింది. రిలీజ్ తర్వాత ఎన్ని రోజుల వరకు లెక్కించారు, తీవ్రమైనవే లెక్కించారా, చిన్నవి కూడా చేర్చారా అన్నది తెలియకుండా ఆ శాతానికి విలువ కట్టలేం.

జిరాను నిజంగా వాడినవారిని గుర్తించడానికి ఇంకో దారి ఉంది. డిఫెక్ట్ వల్ల జరిగే నష్టం ఎంతో చెప్పేది సివియారిటీ, దాన్ని ఎంత త్వరగా సరిచేయాలో చెప్పేది ప్రయారిటీ. ఏడాదికోసారి మార్చిలో మాత్రమే తీసే వడ్డీ ధ్రువపత్రం తెరవగానే పోర్టల్ కుప్పకూలితే నష్టం పెద్దదే. కానీ దాన్ని జూన్‌లో కనుక్కుంటే వెంటనే సరిచేయాల్సిన అవసరం ఉండకపోవచ్చు. జిరా మామూలుగా ఇచ్చేది ప్రయారిటీ ఒక్కటే, సివియారిటీ కావాలంటే జట్టు విడిగా ఆ గడిని చేర్చుకోవాలి. తమ జట్టు ఈ తేడాను ఎలా నడిపిందో రెజ్యూమెలో ఒక్క వాక్యం ఉన్నా, మళ్లీ తెరిచిన డిఫెక్టులను వెతకడానికి

```
project = LOAN AND issuetype = Bug AND status = Reopened
```

లాంటి ప్రశ్నలు రాసి నివేదికలు తయారుచేసినట్టు ఉన్నా, డెవలపర్ ‘సరిచేశాను’ అన్న తర్వాత జరిగే పనిని కూడా ఆ టెస్టర్ చూసుకున్నారని భావించవచ్చు.

అసలు విషయం మూడో వాక్యంలో ఉంది. ఐదేళ్లలో 20 రిలీజ్‌లంటే ఏడాదికి నాలుగు, మూడు నెలలకొకటి. ప్రకటన ఇచ్చిన కంపెనీలో ఏడాదికి 26. మూడు నెలలకోసారి విడుదలయ్యే చోట రిగ్రెషన్‌కు ఒక వారం కేటాయించడం మామూలే, ఆటోమేషన్ లేకున్నా నడిచిపోతుంది. అక్కడ 450 టెస్టులు ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే పూర్తిగా నడిచి ఉండవచ్చు. వాటిలో కొన్ని కారణం లేకుండా ఒకసారి నెగ్గి, ఒకసారి ఓడే టెస్టులనీ, ఒక్కో రన్‌లో మొత్తం టెస్టుల్లో ఐదు శాతం అలా ఓడతాయనీ అనుకుందాం. వీటిని ఫ్లేకీ టెస్టులంటారు. ఒక్కో రన్‌లో దాదాపు 22 తప్పుడు వైఫల్యాలు వస్తాయి. ఒక్కోదాన్ని పరిశీలించడానికి పది నిమిషాలు పడితే అది మూడున్నర గంటల పని. మూడు నెలలకోసారి అయితే ఎవరైనా ఓర్చుకుంటారు. రోజూ రాత్రి నడిచే చోట ప్రతి ఉదయం సగం రోజు దీనికే పోతుంది, కొన్నాళ్లకు జట్టు ఎర్ర రంగు ఫలితాలను చూడటమే మానేస్తుంది. అందుకే రెండు వారాల రిలీజ్‌లలో పనిచేసిన టెస్టర్ రెజ్యూమెలో ఎన్ని టెస్టులు రాశారన్నదాని కంటే, నమ్మలేని టెస్టులను ఎలా గుర్తించి పక్కన పెట్టారు, ఏ చిన్న సమూహాన్ని ప్రతి బిల్డ్‌కూ నడిపారు అన్నది ఎక్కువగా కనబడుతుంది. ఈ రెజ్యూమెలో అది లేదు.

ఇదే వాక్యంలో ‘రిలీజ్‌లకు పనిచేశారు’ అన్న మాట కూడా తేల్చాల్సిందే. రిలీజ్ రాత్రి ప్రొడక్షన్‌లో ముఖ్యమైన పనులు సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూసే శానిటీ టెస్టింగ్ ఒక పని. తెలిసిన లోపాల జాబితాతో గో/నో-గో సమావేశంలో కూర్చుని, విడుదల చేయవచ్చో లేదో చెప్పడం వేరే పని. హైదరాబాద్ సర్వీస్ కంపెనీల్లో అమెరికా క్లయింట్ల ప్రాజెక్టులు చేసినవారికి మొదటిది బాగా అలవాటు, వారాంతపు రాత్రులు దాని కోసమే మేలుకుంటారు. రెండోది చాలాసార్లు క్లయింట్ దేశంలో ఉన్న లీడ్ చేతిలో ఉంటుంది. ఆ అవకాశం రాకపోవడం అభ్యర్థి లోపం కాదు. విడుదలను ఆపాలని ఎప్పుడైనా సూచించారా, ఏ డిఫెక్ట్ మీద, చివరికి ఏమైంది అని అడిగితే ఏ పనిలో ఉన్నారో తెలిసిపోతుంది.

రెస్ట్ అష్యూర్డ్ లేకపోవడం వీటితో పోలిస్తే చిన్న సంగతి. పోస్ట్‌మ్యాన్‌తో ఏపీఐలను పరీక్షించిన వ్యక్తికి అభ్యర్థన, స్పందన, స్టేటస్ కోడ్, జేసన్ తెలిసే ఉంటాయి. జావా కూడా వచ్చినప్పుడు అదే పరీక్షను కోడ్‌లో రాయడం కొన్ని వారాల్లో నేర్చుకునే విషయం. మాటల జాబితా పట్టుకుని చూసేవారు ఈ ఒక్క లోటుతో రెజ్యూమెను పక్కన పెట్టి, రిలీజ్ వేగంలోని పెద్ద తేడాను గమనించకుండా వదిలేస్తారు.

ఈ అభ్యర్థిని ఫోన్ ఇంటర్వ్యూకు పిలవడమే సరైన నిర్ణయం. జావా, సెలీనియం, జిరా అనుభవం నమ్మదగినట్టుగానే ఉంది, నాలుగు గంటల లెక్క కూడా సాధ్యమే. అడగాల్సినవి నాలుగు: 450లో సొంతంగా రాసినవి ఎన్ని, ఎన్ని బ్రౌజర్లు సమాంతరంగా నడిచాయి, లీకేజీని ఎవరు ఎలా కొలిచారు, ఉదయం ఇరవై టెస్టులు ఎర్రగా కనిపిస్తే ముందు ఏం చేస్తారు. నాలుగోదానికి వచ్చే జవాబుకు మిగతా మూడింటి కన్నా ఎక్కువ విలువ ఇవ్వాలి. మూడు నెలల రిలీజ్‌ల నుంచి రెండు వారాల రిలీజ్‌లకు ఈ వ్యక్తి మారగలరో లేదో చెప్పేది ఆ జవాబే.