ఆరున్నర గంటలు ఎక్కడివి?

విజయవాడలోని ఒక బట్టల దుకాణం తన వెబ్‌సైట్ పనిని గంటకు 800 రూపాయల చొప్పున బయటివాళ్లకు అప్పగించిందనుకుందాం. నెలాఖరున టైమ్‌షీట్‌లో మొత్తం 46 గంటలుంది. ఇన్‌వాయిస్‌లో మాత్రం 52.50 గంటలకు 42,000 రూపాయలు వేశారు.

ముందు ఆ 52.50 అంటే ఏమిటో తేల్చుకోవాలి. యాభై రెండు గంటల యాభై నిమిషాలా, యాభై రెండున్నర గంటలా? మొత్తాన్ని 800తో భాగిస్తే సరిగ్గా 52.5 వస్తుంది కాబట్టి యాభై రెండున్నరే. ఈ చుక్క దగ్గర పొరపాటు తరచూ జరుగుతుంది. ఏడుంపావు గంటలను 7.25 అని కాకుండా 7.15 అని రాస్తే పనిచేసినవాళ్లకే ఆరు నిమిషాల కూలి పోతుంది.

మరి తేడా ఎక్కడిది? మొత్తాలు పక్కన పెట్టి, టైమ్‌షీట్ వరుసలను టాస్క్ నంబరు ప్రకారం ఇన్‌వాయిస్ వరుసల పక్కన పెట్టి చూడాలి. అప్పుడు బయటపడింది: టైమ్‌షీట్‌లో 8 నిమిషాలున్న ఫోన్ కాల్ ఇన్‌వాయిస్‌లో 15 అయింది, 37 నిమిషాల పని 45 అయింది. ప్రతి వరుసనూ పైనున్న పావుగంటకు పెంచారు. అలాంటివి 52 వరుసలు. సగటున ఏడున్నర నిమిషాలు పెరిగితే 390 నిమిషాలు, అంటే ఆరున్నర గంటలు. 5,200 రూపాయలు!

దీన్ని మోసమనలేం, పావుగంట లెక్క చాలామంది పాటిస్తారు. కానీ వరుసకు కాక రోజు మొత్తానికి ఒక్కసారే పెంచితే, 20 పనిదినాల్లో తేడా ఐదు గంటలు దాటదు, సాధారణంగా అందులో సగమే ఉంటుంది. ఏ పద్ధతో ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఇన్‌వాయిస్ వచ్చాక అడిగితే అది బేరమే అవుతుంది.