బాకీలన్నీ ఆ పది రోజుల్లోనే

పెళ్లి తేదీ మనం పెట్టుకోం, పంచాంగం పెడుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా, మధ్యలో మూఢం వస్తే అదీ పోగా, మిగిలిన కొద్ది ముహూర్తాల మీదే ఊళ్లో పెళ్లిళ్లవాళ్లంతా పడతారు. అందుకే శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకుని మాఘంలో ముహూర్తం పెట్టుకున్న ఇంట్లో ముందు తేలాల్సింది ఫంక్షన్ హాలు. చీరలూ నగలూ ఆగుతాయి, హాలు ఆగదు.

హాలు మాట్లాడేటప్పుడు అద్దె అందరూ అడుగుతారు. గంటలు అడిగేవాళ్లు తక్కువ. పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు వరకు అని రసీదులో ఉందనుకోండి, మనది తెల్లవారుజామున రెండు గంటల ముహూర్తం. తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అయ్యేసరికే ఆరు దాటుతుంది. అప్పుడు తర్వాతి పార్టీ డెకరేషన్ వాళ్లు గుమ్మంలో నిలబడతారు. ఇంకో పూట కావాలని అడ్వాన్సు ఇచ్చే రోజే రాయించుకోవాలి. జీఎస్టీ, జనరేటర్ డీజిల్, క్లీనింగ్ అద్దెలో కలిశాయో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. కరెంటు విడిగా కట్టాలంటే తాళాలు తీసుకునేటప్పుడే మీటరును ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి.

ఇక డబ్బు. పెళ్లికి ఎంతవుతుందో ప్రతి ఇంట్లోనూ లెక్క వేస్తారు. ఎప్పుడెప్పుడు కట్టాలో మాత్రం వేయరు. ఒక ఉదాహరణ చూద్దాం. హాలు 3 లక్షలు, వంటలు 3 లక్షల 60 వేలు, డెకరేషన్ లక్షన్నర, ఫొటోలు, వీడియో కలిపి లక్షన్నర. మొత్తం 9 లక్షల 60 వేలు. బుక్ చేసేటప్పుడు వీళ్లందరికీ ఇచ్చే అడ్వాన్సులు 2 లక్షల 35 వేలకు మించవు కాబట్టి చేయి తేలిగ్గానే ఉంటుంది. పెళ్లి దగ్గరపడ్డాక హాలువాళ్లకు తాళాల ముందు 2 లక్షలు, వంటవాళ్లకు వారం ముందు లక్షా 80 వేలు, డెకరేషన్‌కు లక్షా 20 వేలు, పెళ్లిరోజు ఫొటోగ్రాఫర్‌కు 75 వేలు, విందయ్యాక మళ్లీ వంటవాళ్లకు లక్షా 20 వేలు. అన్నీ కలిపితే 6 లక్షల 95 వేలు, అదీ పది రోజుల్లో. పురోహితుడు, సన్నాయి మేళం, కార్లు, పెట్టుపోతల బట్టలు దీనికి అదనం.

కాబట్టి ఫిక్స్‌డ్ డిపాజిట్ గానీ చిట్టీ గానీ ముహూర్తానికి మూడు వారాల ముందే చేతికి రావాలి. యూపీఐలో సాధారణంగా రోజుకు లక్షే వెళ్తుంది. నెట్ బ్యాంకింగ్‌లోనూ చాలా బ్యాంకులు కొత్త ఖాతాకు మొదటిరోజు పెద్ద మొత్తం పంపనివ్వవు. వాళ్ల ఖాతాలు ముందే చేర్చి పెట్టుకోండి. ఒకే పెళ్లి పనికి ఒకరి నుంచి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. జరిమానా తీసుకున్నవాళ్లకే గానీ, రసీదు లేని నగదుతో చివరికి తగువు పడేది మనమే.

వంటల దగ్గర తగువంతా ప్లేట్ల సంఖ్య మీద. 600 ప్లేట్లని చెప్పి 480 మందే తిన్నా 600కీ కట్టాలి. పిలిచినవాళ్ల లెక్క చెప్పకండి, వచ్చేవాళ్ల లెక్క చెప్పండి. 540 ఖాయం చేసి, పదిశాతం ఎక్కువైనా వడ్డించేలా మాట్లాడుకుంటే మేలు. అర్ధరాత్రి ముహూర్తాలకు చాలామంది తొమ్మిదింటికే భోంచేసి అక్షింతలు వేయకుండానే వెళ్లిపోతారు, పెళ్లి పందిట్లో మిగిలేది దగ్గరివాళ్లే. తెల్లవారి టిఫిను వాళ్ల వరకే చెప్పాలి. విందు మొదలయ్యే ముందు, అయ్యాక ప్లేట్లు లెక్కపెట్టడానికి మనవైపు నుంచి ఒక మనిషి ఉండాలి.

మధ్య నెలల్లో పని తక్కువే. ఒక్క టైలర్ సంగతి మరవకండి. సంక్రాంతి ముందు వాళ్లకు ఊపిరాడదు, జాకెట్లు మార్గశిరంలోనే ఇచ్చేయాలి. కొందరు పుష్యంలో శుభలేఖలు మొదలుపెట్టరు, వాళ్లు అచ్చు కూడా ఆలోపే వేయించుకోవాలి.

బాధ్యతల్లో ముఖ్యమైనది డబ్బు సంచి. అది పెళ్లికూతురి తండ్రి దగ్గర ఉండకూడదు. ఆయన కన్యాదానానికి పీటల మీద కూర్చుని ఉంటే, మేళంవాళ్లు వచ్చి ఎవరిని అడుగుతారు? బాబాయో మేనమామో, ఒక్కరే ఇవ్వాలి, ఒక్కరే రాయాలి. మంగళసూత్రాలు, మెట్టెలు, మధుపర్కాలున్న సంచి ఇంకొకరిది. సూత్రాలు పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి అన్న ఆనవాయితీ ఉన్న ఇళ్లలో ఎవరు ఏది చేయిస్తారో లగ్నపత్రిక రోజే అనుకోవాలి.

లెక్కలో ఇంకా 30 వేలు మిగిలాయి, ఫొటోగ్రాఫర్‌వి. ఆల్బమ్ చేతికొచ్చేదాకా ఆ డబ్బు మాత్రం ఇవ్వకండి.