నీటి బాటే అపార్ట్‌మెంట్ మరమ్మతుల క్యాలెండర్

అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో చేయించాల్సిన పనులన్నిటినీ ఒక వరుసలో పెట్టడానికి సులువైన మార్గం ఒకటుంది. డాబా మీద పడిన నీరు కిందికి ఏ దారిన దిగుతుందో చూడటమే. స్లాబు ఉరిస్తే చెమ్మ మెట్ల పైనున్న లిఫ్టు మెషీన్ గదికి చేరుతుంది, గోడలోని వైరింగ్ పైపుల్లో దిగుతుంది, కింద తడిసిన చోట చెదలు పుడతాయి. అందుకే ఏడాది ప్రణాళిక ఏప్రిల్‌లో, డాబా మీదే మొదలవ్వాలి.

హైదరాబాద్‌లో ఇరవై ఫ్లాట్లున్న మామూలు భవనాన్నే తీసుకుందాం. పై ఫ్లాటు పైకప్పులో చెమ్మ కనిపించగానే డాబాకు రంగు పూయించడం ఎక్కువ అసోసియేషన్లు చేసే పొరపాటు. ముందు తేల్చుకోవాల్సింది, ఆ చెమ్మ ఎప్పుడుంటోందన్నది. వానాకాలంలో వచ్చి వేసవిలో ఆరిపోతే లోపం స్లాబుది. నడివేసవిలోనూ తడిగా ఉంటే పైపుదో, పైన ఉన్న ట్యాంకుదో. స్లాబుదే అనిపిస్తే నీటి గొట్టాలు మూసి, డాబా మీద రెండంగుళాల నీరు 48 గంటలు నిలిపి, కింద ఎక్కడ మచ్చ పడుతుందో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. తరచుగా ఆ మచ్చ డాబా మధ్యలో కాదు, పిట్టగోడ స్లాబును కలిసే మూలలోనో, వాన నీటి గొట్టం చుట్టూనో బయటపడుతుంది.

పగులును వీ ఆకారంలో తవ్వి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి. పిట్టగోడ మూలలో గుండ్రంగా గోలా తీసి, దాని మీద మెష్ పరిచి, పూత రెండుసార్లు వేయాలి. రెండో పూత మొదటిదానికి అడ్డంగా నడవాలి. ఇదంతా స్లాబు ఎండి ఉన్నప్పుడే చేయాలి. వానలు మొదలయ్యాక తడి మీద వేసిన పూత పొక్కులుగా లేచి, ఒక్క సీజనుకే ఊడిపోతుంది. మే చివర్లో గొట్టాల నోళ్లలోని ఆకులు తీసేస్తే డాబా పని ముగుస్తుంది.

డాబా మీదే ట్యాంకు కూడా ఉంటుంది. దాన్నీ, సంపునూ ఆరునెలలకోసారి ఒకే రోజు కడిగించాలి, ముందు సంపు, తర్వాత పై ట్యాంకు. పైది మాత్రమే కడిగిస్తే సంపు అడుగు బురద మర్నాటికే మోటారు వెంట పైకొస్తుంది. గోడలు రుద్ది, బ్లీచింగ్ ద్రావణం పూసి, అరగంట తర్వాత శుభ్రంగా కడిగేయాలి. మూత తీయగానే సంపులోకి మనిషిని దించడం ప్రాణాంతకం. మూత తెరిచి గాలి ఆడనిచ్చి, ఫ్యాను పెట్టి, పైన ఒకరిని కాపలా ఉంచాకే దించాలి. పెట్రోలు మోటారును లోపలికి దించనే కూడదు.

లిఫ్టుకు నెలనెలా సర్వీసు ఉంటుంది కాబట్టి అసోసియేషన్ చూడాల్సింది రెండే. మొదటిది, మెకానిక్ సమక్షంలో కరెంటు మెయిన్ ఆపి చూడటం. లిఫ్టు దగ్గరలోని అంతస్తుకు చేరి తలుపు తెరుచుకోవాలి. అలా జరగకపోతే రెస్క్యూ పరికరం పనిచేయడం లేదని అర్థం. రెండోది, లిఫ్టు గుంట. వానాకాలంలో అందులో నీరు నిలిస్తే అడుగున ఉన్న స్విచ్‌లు, తీగతాళ్ల చివరలు తుప్పు పడతాయి.

వైరింగ్‌లో ఎక్కువ నష్టం తెచ్చేది మీటర్ల బోర్డులో వదులైన న్యూట్రల్. ఒక ఫ్లాటులో బల్బులు కళ్లు చెదిరేలా వెలుగుతూ, పక్క ఫ్లాటులో మసకబారితే అదే కారణమని అనుమానించాలి. వెంటనే మెయిన్ ఆపించకపోతే ఎక్కువ వోల్టేజీ వచ్చిన ఇంట్లో టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి. ఏటా ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో, కరెంటు ఆపించి, ఆ బిగింపులన్నీ సరిచూపించాలి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ మూణ్ణెల్లకోసారి నొక్కాలి. నొక్కినా పడిపోకపోతే అది ఉన్నా లేనట్టే. వేసవిలో ఎర్తింగ్ గుంటలో నీళ్లు పోయడం వాచ్‌మన్ పని, దాన్ని అతని రిజిస్టర్లో రాయించాలి.

తొలకరి తర్వాత దీపాల చుట్టూ ఉసిళ్లు మూగడం మామూలే, పొలాల వైపు నుంచి వచ్చాయనుకోవచ్చు. కానీ అవి భవనం లోపలి గోడ పగులులోంచే బయటకొస్తుంటే చెదల పుట్ట దగ్గర్లోనే ఉన్నట్టు. నేల మూలల్లో రంధ్రాలు చేసి, మందు ఎక్కించే నిపుణుణ్ణి పిలవాలి. పైపై పిచికారీతో కనిపించే చెదలే చస్తాయి. దోమలకైతే మందు కంటే మూతలే పని చేస్తాయి. గుడ్డు దోమయ్యేందుకు పట్టే సమయం వారం పది రోజులు కాబట్టి, సంపు మూత, ఓవర్‌ఫ్లో గొట్టం నోటికి కట్టిన జాలి, పూలకుండీల పళ్లేలు వారానికోసారి చూడాలి.

ఈ పనులన్నిటికీ ఒకే నోటుబుక్కు చాలు, తేదీ, చేసిన మనిషి, చూసిన లోపం రాసి. కార్యవర్గం మారినప్పుడు తాళాలతో పాటు అప్పగించాల్సింది దాన్నే.