చూడకుండా వదిలేసిన ఎత్తుకు విలువెంత?

కనెక్ట్ ఫోర్ పిల్లల ఆట. నిలబెట్టిన బోర్డులో ఏడు నిలువు వరుసలు, ఆరు అడ్డ వరుసలు ఉంటాయి. ఇద్దరు ఆటగాళ్లు వంతులవారీగా తమ రంగు బిళ్లను పైనుంచి ఏదో ఒక నిలువు వరుసలోకి వదులుతారు. బిళ్ల జారి, కింద ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆగుతుంది. నిలువుగా గానీ, అడ్డంగా గానీ, ఐమూలగా గానీ నాలుగు బిళ్లలు ముందుగా వరసలో పేర్చినవారిది గెలుపు. కృత్రిమ మేధ చదివే విద్యార్థులకు ఈ ఆటను కంప్యూటర్ చేత ఆడించమని అసైన్‌మెంట్ ఇవ్వడం మామూలే. అందులో వాడమనేది మినిమాక్స్ అనే పద్ధతి, దానికి తోడు ఆల్ఫా-బీటా కత్తిరింపు.

మినిమాక్స్ అంటే ఎత్తుకు పైఎత్తు ఆలోచించడమే. నేను ఈ వరుసలో బిళ్ల వేస్తే ఎదుటివాడు ఏం వేస్తాడు, దానికి మళ్లీ నేనేం వేస్తాను అని కొన్ని ఎత్తుల లోతు వరకు వెళ్లి, అక్కడ బోర్డు నాకెంత అనుకూలంగా ఉందో ఒక అంకె వేస్తారు. తర్వాత ఆ అంకెలను వెనక్కి మోసుకొస్తారు. నా వంతులో ఉన్నవాటిలో పెద్ద అంకె తీసుకుంటాను. ఎదుటివాడి వంతులో, వాడు నాకు మేలు చేయడు కాబట్టి, చిన్న అంకె తీసుకోవాలి. వాడు పొరపాటు చేస్తాడన్న ఆశ ఈ లెక్కలో ఎక్కడా ఉండదు.

చిక్కంతా పరిమాణంతోనే. ఒక్కో వంతుకు ఏడు అవకాశాలు ఉన్నాయనుకుంటే, ఎనిమిది ఎత్తుల లోతుకు చూడాల్సిన చివరి స్థితులు 57,64,801. ఇంకో రెండు ఎత్తులు కలిపితే అది 49 రెట్లవుతుంది. కత్తిరింపు అవసరం ఇక్కడే మొదలవుతుంది.

చిన్న ఉదాహరణ తీసుకుందాం. నాకు అ, ఆ, ఇ అని మూడే ఎత్తులు ఉన్నాయి. ఒక్కోదానికి ఎదుటివాడి దగ్గర మూడు జవాబులు ఉన్నాయి. ‘అ’ వేస్తే వచ్చే అంకెలు 5, 7, 4. వాడు 4 వైపు లాగుతాడు కాబట్టి ‘అ’ విలువ 4. అంటే నాకు ఇప్పటికే 4 ఖాయం. ఈ ఖాయమైన అంకె పేరే ఆల్ఫా. ఎదుటివాడు తన వైపు నుంచి ఖాయం చేసుకున్న అంకె బీటా.

ఇప్పుడు ‘ఇ’ చూద్దాం. దాని అంకెలు 6, 3, 9. మొదటిది 6, ఫరవాలేదు. రెండోది 3. ‘ఇ’ వేస్తే ఎదుటివాడు నన్ను 3కి గానీ, అంతకంటే కిందికి గానీ దించగలడని అక్కడే తేలిపోయింది. చేతిలో 4 ఉండగా ఆ దారి నాకెందుకు? మూడోది 9 అయినా, 900 అయినా నిర్ణయం మారదు. కనుక దాన్ని చూడకుండానే కత్తిరించేస్తాం. ‘ఆ’ అంకెలు 4, 1, 8. మొదటి జవాబే 4. ఈ ఎత్తు 4 కంటే ఎక్కువ ఇవ్వదని తెలిసిపోయింది కాబట్టి మిగతా రెండూ చూడం. తొమ్మిది అంకెల్లో ఆరింటితోనే సమాధానం దొరికింది.

ఈ పొదుపు ఏ ఎత్తును ముందు చూశామన్న దానిపై ఆధారపడుతుంది. అవే అంకెలు, కానీ ‘ఆ’ను ముందు, ‘ఇ’ని తర్వాత, ‘అ’ను చివర చూడండి: ఆల్ఫా మొదట 1, తర్వాత 3, చివరికి 4 అవుతుంది. ఎక్కడా కోతకు వీలు దొరకదు, తొమ్మిదీ చూడాల్సి వస్తుంది. అదృష్టవశాత్తూ కనెక్ట్ ఫోర్‌లో మంచి వరస ఊహించడం తేలిక. నడిమి నిలువు వరుసలో బిళ్ల నాలుగు కలిపే అవకాశాల్లో ఎక్కువ వాటికి పనికొస్తుంది. అందుకని నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు వెళ్లాలి. ప్రతిచోటా మంచి ఎత్తే ముందు చూడగలిగితే ఆ 57 లక్షల పైచిలుకు స్థితులు 4,801కి పడిపోతాయి. అంత ఆదర్శమైన వరస ఎవరికీ చిక్కదు గానీ, దాని వైపు వేసిన ప్రతి అడుగుకూ ఫలితం ఉంటుంది. ఈ లెక్కను డొనాల్డ్ క్నుత్, రోనాల్డ్ మూర్ 1975లో వివరంగా విశ్లేషించారు.

ఇక అసలు చెప్పదలచుకున్నది. చాలా ప్రోగ్రాములు ఇక్కడే తప్పుదారి పడతాయి, పైగా ఆ తప్పు పైకి కనిపించదు. పైన ‘ఆ’ను ఒక్క జవాబు చూసి వదిలేశాం. అప్పుడు దాని నుంచి వెనక్కి వచ్చిన అంకె 4. కానీ దాని అసలు విలువ 1. వచ్చిన 4కు అర్థం ‘ఇది 4 కంటే మించదు’ అని మాత్రమే, ‘ఇది 4’ అని కాదు. కత్తిరించిన ఎత్తు ఇచ్చే అంకె ఒక హద్దు. దాన్ని విలువ అనుకుంటే ‘అ’, ‘ఆ’ రెండూ సమానంగా కనిపిస్తాయి.

ఆట ప్రతిసారీ ఒకేలా సాగకుండా సమానమైన ఎత్తుల్లో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకోవాలని విద్యార్థికి అనిపించడం సహజమే. అలా రాస్తే సగం సార్లు ప్రోగ్రాం ‘ఆ’ వేస్తుంది, 4 దక్కాల్సిన చోట 1తో బయటపడుతుంది. పోలికలో `>` బదులు `>=` రాసినా అదే ప్రమాదం. కోత పడిన చోట ఆల్ఫానే తిరిగి ఇచ్చేలా రాసే పద్ధతీ ఒకటుంది. అందులో ‘ఇ’ కూడా 3 బదులు 4 అనే చెబుతుంది. దానికి `>=` తోడైతే ఓడిపోయే ప్రతి ఎత్తూ సమానంగానే వచ్చి కూర్చుంటుంది, జాబితాలో చివర ఉన్న ఎత్తే ఎప్పుడూ గెలుస్తుంది. కంప్యూటర్ ఎంతసేపూ ఒకే అంచు వరుసలో బిళ్లలు వేస్తూ, అది నిండాక పక్కదానికి మారుతుంటే ముందుగా ఈ గుర్తునే అనుమానించాలి.

మొదటి స్థాయి సరిగ్గా ఇలా ఉండాలి:

```python
alpha, best = -INF, None
for c in [3, 2, 4, 1, 5, 0, 6]:
    if not can_drop(c): continue
    drop(c, ME)
    v = min_value(depth - 1, alpha, INF)
    undo(c)
    if v > alpha:
        alpha, best = v, c
```

తప్పు పట్టుకోవడానికి కత్తిరింపు లేని మినిమాక్స్‌ను పారేయకుండా పక్కన ఉంచుకోవాలి. లోతు నాలుగు చాలు. ఆట మధ్యలోని రకరకాల స్థితులను రెండింటికీ ఇచ్చి చూడాలి. రెండూ చెప్పే అంకె ప్రతిసారీ ఒకటే కావాలి. కాకపోతే కోతలోనో, `undo` లోనో దోషం ఉంది. అయితే అంకె కలిసిందని అక్కడితో ఆగితే పైన చెప్పిన తప్పు దొరకదు. మన ఉదాహరణలో ‘ఆ’ను ఎంచుకున్న ప్రోగ్రాం కూడా 4 అనే చెబుతుంది. కాబట్టి అది ఎంచుకున్న ఎత్తును తీసుకుని, దాని విలువ ఎంతో కత్తిరింపు లేని ప్రోగ్రాం చేత లెక్కించాలి. 1 అని వస్తే దొంగ దొరికినట్టే.

నిజంగా సమానమైన ఎత్తుల్లోంచే ఎంచుకోవాలంటే, అంకెలు పూర్ణాంకాలైనప్పుడు ఒక ఉపాయం ఉంది. మొదటి స్థాయి నుంచి కిందికి `alpha` బదులు `alpha - 1` పంపాలి. అప్పుడు ‘ఆ’లో మొదటి 4 దగ్గర కోత పడదు, ఎందుకంటే హద్దు ఇప్పుడు 3. తర్వాతి 1 దగ్గర పడుతుంది, వెనక్కి 1 వస్తుంది. నిజంగా 4 విలువున్న ఎత్తు మాత్రమే 4 అని చెబుతుంది. ఇందుకు అదనంగా చూడాల్సి వచ్చింది ఒక్క అంకె.