డ ఎక్కడ మొదలవుతుంది?

అద్దం ముందు నిలబడి ‘కీలు’ అనండి, తర్వాత ‘కూలి’ అనబోయి ఆగండి. క ఇంకా పలకనే లేదు, పెదవులు అప్పటికే సున్నాలా చుట్టుకున్నాయి! నాలుక కూడా ‘కీ’కి అంగిట్లో కాస్త ముందు, ‘కూ’కి వెనక ఆనుతుంది. అచ్చు తన వంతు వచ్చేదాకా ఆగదన్నమాట. హల్లుతో పాటే పని మొదలుపెడుతుంది. ఇదే సహోచ్చారణ.

1950లలో అమెరికాలోని హాస్కిన్స్ ప్రయోగశాలలో ఆల్విన్ లిబర్‌మన్ బృందం ధ్వనిచిత్రాలను రంగుతో గీసి, యంత్రంతో వినిపించేది. ఈ తరహా బొమ్మల్లో ‘డి’కి రెండో ప్రతిధ్వని పట్టీ సుమారు 2,200 హెర్ట్జ్ నుంచి 2,600కు ఎక్కుతుంది, ‘డు’కి 1,200 నుంచి 700కు దిగుతుంది. దారులు ఎదురెదురైనా, వినేవాళ్లకు రెండిట్లోనూ ఒకే డ.

మరి ఆ ఎక్కే, దిగే ముక్కను మాత్రమే కోసి వినిపిస్తే? ఒకటి పైకి లేచే ఈల, ఇంకొకటి కిందికి జారే ఈల. కాస్త పొడవుగా కోస్తే అచ్చు అంటుకునే వస్తుంది. డ ఒక్కటే దొరికే చోటు లేదు.

అందుకే 1980లలో క్యాథరిన్ బ్రౌమన్, లూయీ గోల్డ్‌స్టీన్ విడి ధ్వనులకు బదులు పెదవి, నాలుక, స్వరతంత్రుల కదలికలనే మూలకాలుగా తీసుకున్నారు. అవి ఒకదాని మీదికి ఒకటి రావచ్చు. అయినా విడి ధ్వనుల పక్షాన ఒక సాక్ష్యం మిగిలే ఉంది: నోరు జారినప్పుడు పక్క మాటల హల్లులు తారుమారవుతుంటాయి.